వ్యర్థాల ఖర్చు ఏ ఉత్పత్తిది? నికెల్ పూత విభాగం ఉదాహరణగా ఒక సమగ్ర మార్గదర్శి

చాలా కర్మాగారాల్లో వ్యర్థాలను తీసుకువెళ్ళే గుత్తేదారు పంపిన బిల్లు నేరుగా ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్‌లో కలిసిపోతుంది. నెలాఖరున ఆ ఓవర్‌హెడ్‌ను శ్రమ గంటల ప్రకారమో, యంత్ర గంటల ప్రకారమో, ఉత్పత్తి పరిమాణం ప్రకారమో అన్ని ఉత్పత్తుల మీదా పంచుతారు. ఈ పద్ధతిలో రెండు పొరపాట్లు ఒకేసారి జరుగుతాయి. వ్యర్థం తక్కువగా పుట్టించే ఉత్పత్తి ఎక్కువ పుట్టించే ఉత్పత్తి ఖర్చును మోస్తుంది. అంతకంటే పెద్ద పొరపాటు ఏమిటంటే, వ్యర్థంగా మారిన ముడిసరుకు కొనుగోలు ఖర్చు అసలు వ్యర్థాల ఖర్చుగా ఎక్కడా కనిపించదు. అది ముడిసరుకు వినియోగం అనే పద్దులోనే నిశ్శబ్దంగా ఉండిపోతుంది.

ఈ రెండింటినీ సరిదిద్దే పద్ధతిని పదార్థ ప్రవాహ వ్యయ గణన అంటారు. 1990ల చివర జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రూపుదిద్దుకుని, తర్వాత జపాన్ సంస్థలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతికి 2011లో ఐఎస్ఓ 14051 ప్రమాణం వచ్చింది. ప్రమాణం చెప్పే చట్రం మంచిదే కానీ, ఒకే వ్యర్థం అనేక ఉత్పత్తుల నుంచి కలగలిసి వచ్చినప్పుడు దాన్ని ఉత్పత్తి వారీగా ఎలా విడదీయాలన్నది ప్రతి కర్మాగారంలోనూ కొలిచి తేల్చుకోవలసిన విషయం. ఆ పనినే ఇక్కడ ఒక్క ఉదాహరణతో అంచెలంచెలుగా చూపిస్తాను.

ఉదాహరణ ఒక నికెల్ ఎలక్ట్రోప్లేటింగ్ విభాగం. అందులో రెండు రకాల ఉక్కు భాగాలకు పూత వేస్తారు. మొదటిది పలక, అంటే వేడిగా సాగదీసిన ఉక్కుతో చేసిన చదునైన భాగం. రెండోది గొట్టం, అంటే ఒక కొస మూసి ఉన్న చిన్న బోలు భాగం. ఒక నెలలో 6,000 చదరపు మీటర్ల పలకలు, 2,000 చదరపు మీటర్ల గొట్టాలు పూతకు ఎక్కాయి. రెండింటికీ పూత మందం 15 మైక్రాన్లు. పూత తర్వాత భాగాలను కడిగిన నీరు, పూతకు ముందు తుప్పు తీసిన ఆమ్లం, అన్నీ ఒకే వ్యర్థజల శుద్ధి కేంద్రానికి చేరతాయి. అక్కడ క్షారం కలిపి లోహాలను హైడ్రాక్సైడ్లుగా అవక్షేపింపజేసి, ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, వచ్చిన బురదను ప్రమాదకర వ్యర్థంగా బయటికి పంపుతారు. అంకెలు పద్ధతిని చూపడానికి నేను అమర్చుకున్నవి. డబ్బును ఏ కరెన్సీకైనా వర్తించేలా యూనిట్లుగా మాత్రమే చెబుతాను.

## మొదటి అంచె: చెల్లాచెదురుగా ఉన్న ఖర్చును ఒకచోట చేర్చడం

వ్యర్థాల ఖర్చు అనగానే ఖాతాల విభాగం గుత్తేదారు బిల్లును చూపిస్తుంది. మన ఉదాహరణలో ఆ బిల్లు నెలకు 2,100 యూనిట్లు. కానీ బురద తయారై గేటు దాటేలోపు దాని మీద మరెన్నో ఖర్చులు పడ్డాయి, అవన్నీ వేరే వేరే పద్దుల్లో ఉన్నాయి. సున్నం, కాస్టిక్ సోడా, ఫ్లాక్యులెంట్ వంటి శుద్ధి రసాయనాలు 1,400 యూనిట్లు, వీటిని స్టోర్స్ విభాగం సాధారణ వినియోగ వస్తువులుగా రాస్తుంది. ఫిల్టర్ ప్రెస్ నడిపే, నమూనాలు పరీక్షించే సిబ్బంది జీతాలు 1,500. పీపాలు, రవాణా పత్రాలు, ప్రమాదకర వ్యర్థాల పరీక్షలు, అనుమతులకు 500. శుద్ధి కేంద్రపు విద్యుత్తు, తరుగుదల 1,300. ఇవన్నీ కలిపితే వ్యర్థ నిర్వహణ ఖర్చు 6,800 యూనిట్లు.

దీనికి పోయిన నికెల్ కొనుగోలు ఖర్చును కలపాలి. బురదలో ఎంత నికెల్ పోయిందో రెండో అంచెలో తేలుస్తాం. అది 53 కిలోలని, కిలో 100 యూనిట్లని ముందే చెప్పుకుంటే, ఆ నష్టం 5,300 యూనిట్లు. మొత్తం 12,100. అందరికీ కనిపించే గుత్తేదారు బిల్లు ఇందులో ఆరో వంతు కంటే కొంచెమే ఎక్కువ. వ్యర్థాల ఖర్చు తగ్గించాలని గుత్తేదారుతో ధర గురించి బేరమాడే యాజమాన్యం మిగిలిన అయిదు వంతులను చూడకుండానే ఊరుకుంటోందన్నమాట.

ఐఎస్ఓ 14051 ప్రకారం వ్యర్థ నిర్వహణ ఖర్చు మొత్తాన్నీ పదార్థ నష్టానికే ఆపాదించాలి. మంచి ఉత్పత్తికీ నష్టానికీ మధ్య పంచకూడదు. విద్యుత్తు, జీతాలు, తరుగుదల వంటి మిగతా ప్రక్రియా వ్యయాలను మాత్రం సాధారణంగా బరువు నిష్పత్తిలో పంచుతారు. ఈ ఉదాహరణలో పూత తొట్టి విద్యుత్తును నేను నష్టానికి చేర్చలేదు. భాగాలకు అంటుకుని పోయే ద్రావణంలోని నికెల్ ఇంకా పూతగా దిగలేదు కాబట్టి, పూత వేసిన విద్యుత్తులో దానికి వాటా ఇవ్వడం యాంత్రికంగా నిష్పత్తిని పాటించడమే అవుతుంది తప్ప నిజాన్ని చూపదు.

## రెండో అంచె: నికెల్ జమా ఖర్చు

ఒక విభాగంలోకి వచ్చిన పదార్థం, అందులోంచి వెళ్ళిన పదార్థం, నిల్వలో వచ్చిన మార్పు, ఈ మూడూ బరువులో సరితూగాలి. ప్రమాణం ఇలా కొలిచే విభాగాన్ని పరిమాణ కేంద్రం అంటుంది. ఇక్కడ పూత తొట్టి, దాని కడుగుడు తొట్టెలు, శుద్ధి కేంద్రం, మూడింటినీ కలిపి ఒకే కేంద్రంగా తీసుకున్నాను.

ఆ నెల స్టోర్స్ నుంచి ఆనోడ్లుగానూ లవణాలుగానూ తీసుకున్న నికెల్ లోహం లెక్కలో 1,140 కిలోలు. లవణాలను తూచినప్పుడు వాటి బరువును కాక, వాటిలోని నికెల్ బరువునే రాయాలి. ఇది తరచూ తప్పిపోయే చోటు. మొత్తం 8,000 చదరపు మీటర్ల మీద 15 మైక్రాన్ల మందంతో దిగిన నికెల్, దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.9 గ్రాములు కాబట్టి, 1,068 కిలోలు. బురదను ఎండబెట్టి విశ్లేషిస్తే అందులో 53 కిలోల నికెల్ ఉంది. వాడి పారేసిన ఫిల్టర్ గుళికల్లోనూ ఆనోడ్ సంచుల్లోనూ 3 కిలోలు పోయాయి. తొట్టిలో 12,000 లీటర్ల ద్రావణం ఉంది, నెల మొదట్లో లీటరుకు 70 గ్రాములున్న నికెల్ నెలాఖరుకు 71 గ్రాములైంది. అంటే నిల్వ 12 కిలోలు పెరిగింది. ఇవన్నీ పోగా లెక్కకు అందనిది 4 కిలోలు.

ఈ లెక్క ముచ్చటగా సరిపోయిందని సంతోషపడే ముందు ఒక సంగతి గమనించాలి. మందం కొలతలో సగటున అర మైక్రాన్ తేడా వచ్చినా పూతగా దిగిన నికెల్ అంకె సుమారు 36 కిలోలు అటూ ఇటూ అవుతుంది. నష్టమే 53 కిలోలైనప్పుడు, కొన్నదానిలోంచి పూతగా దిగినదాన్ని తీసివేసి మిగిలినదాన్ని నష్టమనుకుంటే ఆ అంకెకు విలువ ఉండదు. రెండు పెద్ద అంకెల తేడాగా వచ్చే చిన్న అంకెను ఎప్పుడూ నమ్మకూడదు. అందువల్ల నష్టాన్ని అది బయటికి వెళ్ళే చోటే, అంటే బురదలోనే, నేరుగా కొలవాలి. జమా ఖర్చు పని ఆ కొలత పూర్తిగా దారి తప్పలేదని నిర్ధారించడం మాత్రమే.

## మూడో అంచె: ఏ ఉత్పత్తి ఎంత ద్రావణం మోసుకుపోతోంది

ఈ మార్గదర్శిలో అసలు పని ఇదే. పూత తొట్టి లోంచి పైకి తీసిన భాగం తనతో కొంత ద్రావణాన్ని మోసుకుపోతుంది. దీన్ని పనివాళ్ళు డ్రాగ్-అవుట్ అంటారు. కడుగుడు నీటిలోకి, అక్కడి నుంచి బురదలోకి చేరే నికెల్ దాదాపు అంతా ఇదే. దాని పరిమాణం భాగం విస్తీర్ణం మీద మాత్రమే ఆధారపడదు. ఆకారం, వేలాడదీసిన తీరు, పైకి తీసే వేగం, తొట్టి మీద ఆపి కారనిచ్చే సమయం, ద్రావణపు చిక్కదనం, అన్నీ దాన్ని మారుస్తాయి. నిటారుగా వేలాడే చదునైన భాగం చదరపు మీటరుకు కొన్ని పదుల మిల్లీలీటర్లు తీసుకుపోతే, గిన్నెలా ద్రావణాన్ని పట్టుకునే ఆకారం కొన్ని వందల మిల్లీలీటర్లు తీసుకుపోగలదు. ఖర్చును విస్తీర్ణం ప్రకారం పంచడం ఎందుకు తప్పో ఈ ఒక్క వాస్తవం చెబుతుంది.

కొలవడానికి ప్రత్యేక పరికరం అక్కరలేదు. పూత తొట్టి పక్కనే నీరు పారకుండా నిలిచి ఉండే కడుగుడు తొట్టి ఒకటి కావాలి. దాన్ని 500 లీటర్ల శుభ్రమైన నీటితో నింపండి. అందులోకి నీరు వచ్చే, పోయే దారులు మూసేయండి. భాగాలను వేలాడదీయడానికి రోజూ వాడే ర్యాకుల మీద, రోజూ పనిచేసే వాళ్ళతోనే, ఒకే రకం భాగాలకు 100 చదరపు మీటర్ల మేర పూత వేసి, వాటిని ఈ తొట్టిలో ముంచి పంపండి. తర్వాత నీటిని బాగా కలిపి, నమూనా తీసి నికెల్ గాఢతను విశ్లేషించండి. తొట్టి నీటి పరిమాణాన్ని ఆ గాఢతతో హెచ్చించి, పూత తొట్టి గాఢతతో భాగిస్తే, మోసుకొచ్చిన ద్రావణం ఎన్ని లీటర్లో వస్తుంది.

గొట్టాలతో చేసినప్పుడు కడుగుడు నీటిలో నికెల్ లీటరుకు 3.5 గ్రాములైంది. అంటే మొత్తం 1,750 గ్రాములు. పూత తొట్టిలో లీటరుకు 70 గ్రాములు కాబట్టి 25 లీటర్ల ద్రావణం వచ్చింది, చదరపు మీటరుకు 250 మిల్లీలీటర్లు. నీరు మార్చి పలకలతో చేసినప్పుడు గాఢత లీటరుకు 0.7 గ్రాములే. అంటే 5 లీటర్లు, చదరపు మీటరుకు 50 మిల్లీలీటర్లు. అయిదు రెట్ల తేడా. కడుగుడు తొట్టి లోంచి కూడా భాగాలు కొంత నీటిని మోసుకుపోతాయి కనుక కొలత కాస్త తక్కువగా వస్తుంది. కానీ పరీక్షను ఇంత చిన్నగా ఉంచితే గొట్టాల విషయంలో కూడా ఆ లోటు 3 శాతం లోపే ఉంటుంది. పరీక్షను ఎక్కువసేపు సాగదీస్తే లోటు పెరుగుతుంది.

పరీక్ష జరుగుతోందని తెలిసిన పనివాడు ర్యాకును తొట్టి మీద మామూలు కంటే ఎక్కువసేపు ఆపుతాడు. ఇది మానవ సహజం, తప్పు పట్టవలసింది కాదు. అయితే ఆ రోజు కొలత ఆ రోజుకే చెల్లుతుంది. అందువల్ల ప్రతి షిఫ్టులోనూ కనీసం ఒకసారి కొలిచి, షిఫ్టుల మధ్య తేడా పెద్దగా ఉంటే సగటును వాడే ముందు కారణం వెతకడం మంచిది.

ఇప్పుడు నెల లెక్క: పలకలు 6,000 చదరపు మీటర్లకు 300 లీటర్లు, గొట్టాలు 2,000 చదరపు మీటర్లకు 500 లీటర్లు. మొత్తం 800 లీటర్లలో 56 కిలోల నికెల్ ఉండాలి. బురద విశ్లేషణ 53 అంటోంది. తేడా అయిదున్నర శాతం లోపు. ఇలాంటి కొలతల్లో ఇది ఆమోదయోగ్యమే. డబ్బు లెక్కకు బురద అంకెను తీసుకుని, పంపకానికి మాత్రం పరీక్ష ఇచ్చిన నిష్పత్తిని వాడాలి: పలకలకు 37.5 శాతం, గొట్టాలకు 62.5 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడా ఏ నెలలోనైనా 15 శాతం దాటితే, తొట్టి కారడమో, ర్యాకులు మార్చడమో, శుద్ధి కేంద్రం నుంచి నికెల్ నీటితోపాటు జారిపోవడమో జరిగి ఉంటుంది. పంపకాన్ని ఆపి అది ముందు చూడాలి.

## నాలుగో అంచె: బురదను దాని కారణాలుగా విడగొట్టడం

ఇక్కడితో ఆగి మొత్తం 6,800 యూనిట్లనూ డ్రాగ్-అవుట్ నిష్పత్తిలో పంచేస్తే మరో తప్పు చేసినట్టే. బురదలో నికెల్ ఒక్కటే లేదు. ఆ నెల బురద తడి బరువు 700 కిలోలు. ఎండబెడితే 210 కిలోలు. అందులో 53 కిలోల నికెల్ హైడ్రాక్సైడ్ రూపంలో సుమారు 84 కిలోలు తూగుతుంది. మరో 44 కిలోల ఇనుము కూడా హైడ్రాక్సైడ్‌గా మారి దాదాపు 84 కిలోలే తూగుతుంది. మిగతా 42 కిలోలు సున్నపు మడ్డి, నీటి కాఠిన్యం నుంచి వచ్చిన లవణాలు, నూనె జిడ్డు; ఇది రెండింటికీ ఉమ్మడి.

ఇనుము పూత తొట్టి నుంచి రాలేదు. అది పూతకు ముందు తుప్పు తీసే ఆమ్లపు తొట్టి నుంచి వచ్చింది. ఈ విభాగంలో పలకలు పొలుసు కట్టిన ఉక్కు, గొట్టాలు శుభ్రంగా చల్లగా సాగదీసిన ఉక్కు. రెండు రకాల భాగాలనూ ఆమ్లంలో ముంచే ముందూ తర్వాతా తూచి చూస్తే, కరిగిన ఇనుములో 80 శాతం పలకల నుంచీ 20 శాతం గొట్టాల నుంచీ వస్తోందని తేలింది. నికెల్ విషయంలో దోషి గొట్టమైతే, ఇనుము విషయంలో పలక. ఒకే బురద, రెండు వేర్వేరు కారణాలు, కాబట్టి రెండు వేర్వేరు పంపక ప్రమాణాలు.

ఎండు బరువులు సమానం కాబట్టి ఖర్చును సగం సగం చేయవచ్చా? కొంత భాగాన్ని మాత్రమే చేయవచ్చు. ఈ బురద ప్రమాదకర వ్యర్థంగా లెక్కకు రావడానికి కారణం నికెల్. అదే బరువున్న ఇనుప బురద మాత్రమే ఉంటే గుత్తేదారు సాధారణ వ్యర్థపు ధరకు, 600 యూనిట్లకే తీసుకువెళ్ళేవాడు. కాబట్టి బిల్లులోని 2,100లో 1,500 నికెల్ తెచ్చిపెట్టిన అదనం. పత్రాలు, పరీక్షలు, అనుమతుల 500 కూడా నికెల్ వల్లే. ఈ 2,000ను పూర్తిగా నికెల్ వైపు రాసి, మిగిలిన 4,800ను సగం సగం చేయాలి. అప్పుడు నికెల్ కారణమైన నిర్వహణ ఖర్చు 4,400, ఇనుము కారణమైనది 2,400. వ్యర్థాల ఖర్చును బరువు ప్రకారమే పంచే పద్ధతులు ఈ ప్రమాద శ్రేణి అదనాన్ని ఎప్పుడూ పట్టుకోలేవు. నా దృష్టిలో పంపకంలో అన్నిటికంటే తరచుగా జరిగే లోపం ఇదే.

ఉత్పత్తుల మీద వేస్తే ఫలితం ఇలా వస్తుంది.

| పద్దు | పలక | గొట్టం | మొత్తం |
|---|---|---|---|
| నికెల్ కారణమైన నిర్వహణ ఖర్చు | 1,650 | 2,750 | 4,400 |
| ఇనుము కారణమైన నిర్వహణ ఖర్చు | 1,920 | 480 | 2,400 |
| పోయిన నికెల్ విలువ | 1,988 | 3,312 | 5,300 |
| మొత్తం | 5,558 | 6,542 | 12,100 |

విస్తీర్ణం ప్రకారం పంచినప్పుడు రెండు ఉత్పత్తులకూ చదరపు మీటరుకు 1.51 యూనిట్లు పడేది. ఇప్పుడు పలకకు 0.93, గొట్టానికి 3.27. నెల మొత్తం మీద సుమారు 3,500 యూనిట్ల గొట్టాల ఖర్చును అంతకుముందు పలకలు మోశాయి.

## అయిదో అంచె: తిరస్కరించిన భాగాలు, తుక్కు అమ్మకం

తుక్కు విషయంలో పొరపాటు వేరే రూపంలో జరుగుతుంది. పూత సరిగా పట్టక తిరస్కరించిన భాగాలను తుక్కుగా అమ్మితే వచ్చే డబ్బును ఇతర ఆదాయంగా రాస్తారు. దాంతో తుక్కు ఎక్కువగా పుట్టించే ఉత్పత్తి తన నష్టాన్ని తన పేరు మీద చూపించదు, సంస్థకు ఏదో ఆదాయం వచ్చినట్టు మాత్రం కనిపిస్తుంది. ఆ డబ్బును తుక్కు పుట్టించిన ఉత్పత్తి ఖర్చులోంచే తగ్గించాలి. అయితే అంతకుముందు ఆ భాగం మీద అప్పటివరకు పెట్టిన ఖర్చు మొత్తాన్నీ అదే ఉత్పత్తి నష్టంగా చూపాలి.

2,000 చదరపు మీటర్ల గొట్టాల్లో 200 చదరపు మీటర్లు తిరస్కరించారనుకుందాం. చదరపు మీటరుకు భాగం ఖరీదు 12, ప్రక్రియ ఖర్చు 5 యూనిట్లు, మొత్తం 3,400. తుక్కు అమ్మితే 320 వచ్చింది. నికర నష్టం 3,080. ఇక్కడ చూపిన 5 యూనిట్ల ప్రక్రియ ఖర్చులో ముందు అంచెల్లో ఇప్పటికే పంచిన వ్యర్థ నిర్వహణ ఖర్చు గానీ, డ్రాగ్-అవుట్ నికెల్ గానీ ఉండకూడదు. ఉంటే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. పాత ఓవర్‌హెడ్ రేటును మార్చకుండా వాడే చోట్ల ఇది తప్పకుండా జరుగుతుంది, కాబట్టి ఆ రేటు లోంచి వ్యర్థాల ఖర్చును ముందు తీసేయండి.

వ్యర్థాల ఖర్చును పూతకు ఎక్కిన మొత్తం విస్తీర్ణం మీద కొలిచాం, కానీ చివరికి మోయవలసింది మంచి భాగాలే. గొట్టాల 6,542కు 3,080 కలిపి, మంచి గొట్టాల 1,800 చదరపు మీటర్లతో భాగిస్తే చదరపు మీటరుకు 5.35 యూనిట్లు. అయితే ఈ అంకెను ధర నిర్ణయానికి వాడే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ తిరస్కరణలన్నీ ఆ ఉత్పత్తి స్వభావం వల్ల వచ్చినవేనా?

ఆ 200లో 120 చదరపు మీటర్లు పూత తొట్టికి విద్యుత్తు అందించే రెక్టిఫయర్ ఒకే రోజు చెడిపోవడం వల్ల పాడయ్యాయని రికార్డు చెబుతోందనుకుందాం. అది అసాధారణ నష్టం. నిల్వల లెక్కకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 కూడా అసాధారణంగా వృథా అయిన పదార్థాల, శ్రమల ఖర్చును నిల్వల విలువలో కలపకుండా ఆ కాలపు ఖర్చుగా రాయమంటుంది. కాబట్టి తుక్కు నష్టంలో ఆ వాటా 1,848 యూనిట్లను, అదే 120 చదరపు మీటర్లకు చెందిన వ్యర్థాల ఖర్చు 393 యూనిట్లను గొట్టాల నుంచి తీసేయాలి. అప్పుడు చదరపు మీటరుకు 4.10 యూనిట్లు. ఉత్పత్తికి చెందినది 4.10, నిర్వహణ విభాగం జవాబు చెప్పవలసినది మిగతాది. తిరస్కరణ చీటీ మీద కారణం, తేదీ, ర్యాకు సంఖ్య రాయని చోట ఈ విభజన ఊహే అవుతుంది. కారణం తెలియని తిరస్కరణలను అసాధారణమని రాసుకోవడం ఉత్పత్తి ఖర్చును అందంగా చూపడానికి తేలికైన దారి కనుక, రుజువు లేనివాటిని సాధారణ నష్టంగానే ఉంచాలన్న నియమం పెట్టుకోవడం మేలు.

## లెక్క ఎక్కడ దారి తప్పుతుంది

గుత్తేదారు బురదను తడి బరువు మీద తూచి బిల్లు వేస్తాడు. ఫిల్టర్ ప్రెస్ వస్త్రాలు పాతబడితే బురదలో నీరు ఎక్కువగా మిగులుతుంది. మన 210 కిలోల ఎండు బురద 30 శాతం ఘనపదార్థంతో వస్తే 700 కిలోలు, 25 శాతంతో వస్తే 840 కిలోలు. ఉత్పత్తిలో ఏ మార్పూ లేకుండానే బిల్లు అయిదో వంతు పెరిగింది. ఈ పెరుగుదలను పలకల మీదో గొట్టాల మీదో వేస్తే, తమ తప్పు లేని ఖర్చుకు ఉత్పత్తి విభాగాలు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఉత్పత్తులకు ఎప్పుడూ 30 శాతం ఘనపదార్థపు బరువు ప్రకారమే ఖర్చు వేసి, తేడాను శుద్ధి కేంద్రం పేరు మీద ఉంచాలి. ఇందుకోసం ప్రతి లోడు నుంచి ఒక నమూనా ఎండబెట్టి తూచడం ఒక్కటే అదనపు పని.

రెండోది కాలం. బురదను కొన్ని వారాలు నిల్వ చేసి ఒకేసారి పంపే చోట, బిల్లు వచ్చిన నెలలో నడిచిన ఉత్పత్తి మీద అంతకుముందు నెలల బురద ఖర్చు పడుతుంది. తుప్పు తీసే ఆమ్లాన్ని పాతబడ్డాక ఒకేసారి శుద్ధి కేంద్రంలోకి వదిలినప్పుడు కూడా ఇదే జరుగుతుంది: ఆ వారం బురదలోని ఇనుము అంతకుముందు ఎన్నో వారాల పలకలది. బిల్లు తేదీని కాక, బురద పుట్టిన తేదీని పట్టుకుని, పంపని బురదకు నెలాఖరున అంచనా ఖర్చును కేటాయించాలి. మీ లెక్కలో గొట్టాల ఖర్చు ఒక నెల సగానికి పడిపోయి మరుసటి నెల రెట్టింపు అయితే, ప్రక్రియ మారిందనుకునే ముందు ఈ కాలపు తేడాను చూడండి.

పంపక నిష్పత్తి సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక సూటి పరీక్ష ఉంది. ఉత్పత్తి ప్రణాళికలో గొట్టాలు మామూలు కంటే బాగా ఎక్కువగా ఉన్న వారాన్ని, బాగా తక్కువగా ఉన్న వారాన్ని ఎంచుకుని, ఆయా వారాల్లో శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీటి నికెల్ భారాన్ని కొలవండి. మీ నిష్పత్తి ముందుగా చెప్పినంత తేడా ఆ నీటిలో కనిపించకపోతే, లెక్కలో మీరు చూడని మరో మూలం ఉంది.

## ఈ అంకెలతో నిర్ణయం తీసుకునేటప్పుడు

గొట్టాలను ర్యాకు మీద తలకిందులుగా వాల్చి, తొట్టి మీద మరికొన్ని క్షణాలు ఆపితే డ్రాగ్-అవుట్ 250 నుంచి 150 మిల్లీలీటర్లకు తగ్గుతుందని పరీక్షలో తేలిందనుకుందాం. నెలకు 200 లీటర్లు, అంటే మొత్తం డ్రాగ్-అవుట్‌లో పావు వంతు, తొట్టిలోనే ఉండిపోతుంది. నికెల్ కారణమైన మొత్తం ఖర్చు 9,700 యూనిట్లు కాబట్టి పావు వంతు 2,425 ఆదా అవుతుందని లెక్క వేయడం సులభం. కానీ తరుగుదల, జీతాలు, అనుమతుల ఖర్చు ఒక నెలలో పావు వంతు తగ్గిపోవు. నిజంగా చేతిలో మిగిలేది ఇలా ఉంటుంది: నికెల్ 13.25 కిలోలు, అంటే 1,325 యూనిట్లు. తడి బురద సుమారు 70 కిలోలు తగ్గినందుకు గుత్తేదారు బిల్లులో కిలోకు 3 చొప్పున 210. శుద్ధి రసాయనాల్లో సుమారు 175. మొత్తం 1,710. ఉత్పత్తికి ఆపాదించిన ఖర్చు వేరు, నివారించగల ఖర్చు వేరు. ధర నిర్ణయానికి మొదటిది కావాలి, మార్పు చేయాలా వద్దా అన్న నిర్ణయానికి రెండోది కావాలి. పంపక పట్టికలో నివారించగల ఖర్చుకు ఒక ప్రత్యేక వరుస మొదటినుంచీ ఉంచుకుంటే ఈ రెండూ కలిసిపోవు.

ఈ 1,710 లోంచి కూడా కొంత తిరిగి పోవచ్చు. డ్రాగ్-అవుట్ నష్టమే అయినా, అది తొట్టిలో పేరుకునే ఇనుమును, పూతకు మెరుపునిచ్చే రసాయనాలు విడిపోయి మిగిలే సేంద్రియ మలినాలను కూడా మెల్లగా బయటికి తీసుకుపోతుంది. ద్రావణం తొట్టిలోనే నిలవడం మొదలయ్యాక ఆ మలినాలు త్వరగా పెరుగుతాయి, ద్రావణంలోని సేంద్రియ మలినాలను కార్బన్‌తో తొలగించే కార్బన్ శుద్ధిని మునుపటి కంటే తరచుగా చేయవలసి వస్తుంది. వాడిన కార్బన్ కూడా నికెల్ నిండిన ప్రమాదకర వ్యర్థమే. కాబట్టి మార్పు చేసిన నెల నుంచి కార్బన్ శుద్ధి ఖర్చును, దానితో పోయే నికెల్‌ను వేరే పద్దులో రాస్తూ, దాన్ని ఏ ఉత్పత్తి డ్రాగ్-అవుట్ తగ్గించడం వల్ల వచ్చిందో ఆ ఉత్పత్తి ఆదా లోంచే తీసివేయాలి.